పిల్లల యాప్‌లు ఏం తీసుకుంటున్నాయి, ఫోన్ పర్మిషన్లు ఎలా చూడాలి: తల్లిదండ్రుల ప్రశ్నలు, జవాబులు

చిన్న పిల్లల చేతికి వెళ్లే ఫోన్ చాలావరకు అమ్మదో నాన్నదో అయి ఉంటుంది. అందులో పిల్లల కోసం ఒక యాప్ వేశామంటే, దాని పక్కనే మన ఫొటోలు, మన కాంటాక్ట్స్, మన లొకేషన్ ఉంటాయి. కింది జవాబులన్నీ అలాంటి ఒక్క యాప్‌ను ముందు పెట్టుకుని రాశాను. ఐదేళ్ల పాప కోసం తల్లి తన ఆండ్రాయిడ్ ఫోన్‌లో బొమ్మలకు రంగులు వేసే యాప్ ఒకటి వేసింది అనుకోండి. అది ఉచితం, మధ్యమధ్యలో ప్రకటనలు వస్తుంటాయి. ఐఫోన్‌లో ఉండే తేడాలు తర్వాత విడిగా చెప్తాను.

పర్మిషన్లన్నీ ఆపేశాను. ఇక ఏమీ బయటికి వెళ్లదు కదా?

వెళ్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఆండ్రాయిడ్‌లో పర్మిషన్లను ముఖ్యంగా రెండు రకాలుగా చూడొచ్చు. కెమెరా, మైక్, లొకేషన్, కాంటాక్ట్స్ లాంటివి వాడుకోవాలంటే యాప్ మనల్ని అడగాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఈ పద్ధతి ఉంది. ఇంటర్నెట్ వాడుకోవడం లాంటివి రెండో రకం. వాటి గురించి ఎవరూ మనల్ని అడగరు. యాప్ ఇన్‌స్టాల్ అవ్వగానే అవి దానికి వచ్చేస్తాయి. కొన్ని కంపెనీల ఫోన్లలో యాప్‌కి ఇంటర్నెట్ ఆపే బటన్ ఉంటుంది కానీ, మామూలు ఆండ్రాయిడ్‌లో అది కూడా లేదు.

మన రంగుల యాప్‌కి ఆ ఇంటర్నెట్ ఒక్కటి ఉంటే చాలు. ఏ మోడల్ ఫోన్, ఏ భాషలో ఉంది, ఎన్ని గంటలకు తెరిచారు, ఎంతసేపు ఆడారు, ఏ బొమ్మను సగంలో వదిలేశారు, ఏ ప్రకటన మీద వేలు పడింది అన్నవన్నీ పంపుకోగలదు. లొకేషన్ పర్మిషన్ ఇవ్వకపోయినా, ఐపీ అడ్రస్‌ను బట్టి ఏ ఊరి నుంచి వాడుతున్నారో చాలాసార్లు తెలిసిపోతుంది. ఈ ముక్కలన్నిటినీ ఒకే ఫోన్‌కి ముడిపెట్టే తాడు ఒకటుంది, దాని పేరు అడ్వర్టైజింగ్ ఐడీ. ఒక ఫోన్‌లోని యాప్‌లన్నిటికీ కనిపించేది ఒకటే నంబర్ కాబట్టి, పాప రంగుల యాప్‌లో చేసిన పనినీ తల్లి షాపింగ్ యాప్‌లో చేసిన పనినీ ఒకే ఖాతాలో రాసుకోవడం ప్రకటనల కంపెనీకి పెద్ద కష్టం కాదు.

ఇంకో సంగతి. యాప్ తయారుచేసినవాళ్లు అందులోని కోడ్ మొత్తం తామే రాయరు. ప్రకటనలు చూపించడానికి ఒకటి, వాడకం లెక్కపెట్టడానికి ఒకటి, యాప్ ఆగిపోతే రిపోర్ట్ పంపడానికి ఒకటి అంటూ వేరే కంపెనీల కోడ్ తెచ్చి కలుపుతారు. వీటినే ఎస్‌డీకేలు అంటారు. మామూలుగా ఆండ్రాయిడ్ వీటిని యాప్‌లో భాగంగానే చూస్తుంది. అంటే మీరు రంగుల యాప్‌కి లొకేషన్ ఇస్తే, అందులో ఉన్న ప్రకటనల ఎస్‌డీకేకి కూడా ఇచ్చినట్టే.

2018లో కొందరు పరిశోధకులు పిల్లల కోసం తయారైన 5,855 ఉచిత ఆండ్రాయిడ్ యాప్‌లను నడిపి, వాటి నుంచి ఏమేం బయటికి వెళ్తున్నాయో చూశారు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా లొకేషన్ లేదా కాంటాక్ట్ వివరాలు పంపినవి దాదాపు 5 శాతం. ఫోన్‌ను గుర్తుపట్టే నంబర్లను ప్రకటనల లాంటి నిషేధించిన పనులకు బయటివాళ్లతో పంచుకున్నవి దాదాపు 18 శాతం. అప్పటి నుంచి రూల్స్ గట్టిపడ్డాయి, ఈ అంకెలు ఇవాళ్టివి కావు. కానీ పర్మిషన్ అక్కర్లేని దారిలోనే ఎక్కువ డేటా పోతుందన్న సంగతి మాత్రం వాటిలో స్పష్టంగా ఉంది. అందుకే పర్మిషన్లు చూసుకోవడంతో పాటు అడ్వర్టైజింగ్ ఐడీ, వయసు ప్రశ్న అనే రెండు విషయాలు కూడా చూసుకోవాలి. వాటి గురించి కింద ఉంది.

రంగులు వేసుకునే పిల్ల వివరాలు ఎవరికి కావాలి?

ప్రకటనలవాళ్లకు కావాలి. కానీ అసలు ఇబ్బంది వాళ్లొక్కరే కాదు, ఒకచోట పోగైన డేటా ఎప్పుడైనా బయటపడొచ్చు. 2015లో పిల్లల ఎలక్ట్రానిక్ బొమ్మలు తయారుచేసే వీటెక్ కంపెనీ సర్వర్లలోకి ఒక హ్యాకర్ చొరబడ్డాడు. అప్పుడు 60 లక్షలకు పైగా పిల్లల ప్రొఫైళ్లు బయటపడ్డాయి. వాటిలో పిల్లల పేర్లు, పుట్టినరోజులు ఉన్నాయి. అవి తల్లిదండ్రులు తమ చేతులతో టైప్ చేసి ఇచ్చిన వివరాలే. యాప్ ప్రొఫైల్ పేజీలో పేరు, ఫొటో, స్కూల్ అని ఖాళీ గడులు కనిపిస్తే అన్నీ నింపాలని ఏమీ లేదు. ముద్దుపేరు ఒకటి పెట్టండి, యాప్‌లో ఉన్న కార్టూన్ బొమ్మల్లో ఒకటి ఎంచుకోండి, చాలు.

ఇన్‌స్టాల్ చేసేముందే ఏమైనా తెలుసుకోవచ్చా?

కొంతవరకు తెలుసుకోవచ్చు. ప్లే స్టోర్‌లో యాప్ పేజీని కిందికి జరిపితే Data safety అనే భాగం వస్తుంది. ఏ డేటా సేకరిస్తారు, ఏది బయటివాళ్లతో పంచుకుంటారు, డిలీట్ చేయమని అడిగే వీలుందా అన్నవి అక్కడ ఉంటాయి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అది డెవలపర్ తనంతట తాను రాసిచ్చిన వివరం. స్టోర్ ప్రతి యాప్‌నూ విప్పి చూసి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

అయినా చదవడం దండగ కాదు. అందులో రాసినదానికీ యాప్ తీరుకీ పొంతన ఉందో లేదో చూడొచ్చు. ఏ డేటా సేకరించం అని రాసి, యాప్ నిండా ప్రకటనలు ఉంటే అనుమానించాల్సిందే. ఎందుకంటే ప్రకటనలు చూపించే ఎస్‌డీకే ఏదో ఒక వివరం పంపకుండా పనిచేయడం అరుదు. అదే భాగంలో Committed to follow the Play Families Policy అన్న వాక్యం కూడా వెతకండి. ఆ వాక్యం ఉందంటే పిల్లల యాప్‌లకు గూగుల్ పెట్టిన నియమాలకు కట్టుబడతామని డెవలపర్ మాట ఇచ్చినట్టు.

ప్రైవసీ పాలసీ మొత్తం చదివే ఓపిక ఎవరికీ ఉండదు, నాకూ లేదు. బ్రౌజర్‌లో పాలసీ పేజీ తెరిచి, Find in page తో children, third, advertising, delete అన్న నాలుగు మాటలు వెతికి, వాటి చుట్టూ ఉన్న వాక్యాలు చదవండి. పిల్లల యాప్ అని చెప్పుకుంటూ, పాలసీలో మాత్రం ఈ సర్వీసు 13 ఏళ్లలోపు వాళ్ల కోసం కాదు అని రాసి ఉంటే ఆ యాప్ వదిలేయండి. బొమ్మేమో పిల్లలకు చూపించి, బాధ్యత దగ్గరికి వచ్చేసరికి తప్పుకునేవాళ్ల పద్ధతి అది.

యాప్ తెరవగానే పుట్టిన సంవత్సరం అడిగింది. నాది ఇవ్వాలా, పాపదా?

పాపదే ఇవ్వండి. తొందరగా పని అయిపోవాలని చాలామంది తమ సంవత్సరం కొట్టేస్తారు. ఆ ఒక్క పనితో, జాగ్రత్తగా సెట్ చేసిన పర్మిషన్ల ఉపయోగం సగం పోతుంది.

అమెరికాలో 13 ఏళ్లలోపు పిల్లల డేటా గురించి కొప్పా అనే చట్టం 2000 నుంచి అమల్లో ఉంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాళ్ల వివరాలు సేకరించకూడదని, ఫోన్‌ను గుర్తుపట్టే నంబర్లతో వెంటాడి ప్రకటనలు చూపించకూడదని అది చెప్తుంది. ప్రపంచమంతా వాడే యాప్‌లు చాలావరకు ఈ చట్టాన్ని దృష్టిలో పెట్టుకునే కట్టి ఉంటాయి. చిన్న వయసు ఇస్తే యాప్ ఒక దారిలో వెళ్తుంది. చాట్, ఫొటో షేరింగ్ లాంటివి మూసేసి, పిల్లలకు తగిన ప్రకటనలు చూపిస్తుంది. పెద్ద వయసు ఇస్తే రెండో దారిలో వెళ్లి, మామూలు వాడకందారుగా లెక్కేస్తుంది. అప్పుడు చట్టం ప్రకారం కూడా తప్పు పట్టడం కష్టం, వయసు చెప్పింది మనమే కదా.

సంవత్సరం నిజమైనది ఇవ్వండి. నెల, తేదీ కూడా అడిగితే, ఆటల యాప్‌కి అసలు పుట్టినరోజే ఇవ్వాల్సిన పనిలేదు. గూగుల్‌లోనో యాపిల్‌లోనో పిల్లల పేరు మీద అకౌంట్ తెరిచేటప్పుడు మాత్రం నిజమైన తేదీయే ఇవ్వాలి. ఎప్పటి వరకు పిల్లల నియమాలు వర్తించాలో దాన్నిబట్టే లెక్క.

ఇక ఏడు ఎనిమిదులు ఎంత అని అడిగే ప్రశ్న వేరు. అది బయటి లింకులు, కొనుగోళ్ల పేజీ పిల్లలు తెరవకుండా అడ్డుపెట్టే గేటు మాత్రమే. దానికి జవాబిస్తే డేటాకి అనుమతి ఇచ్చినట్టు కాదు. ఎక్కాలు వచ్చిన పిల్లలకు అది అడ్డే కాదనుకోండి.

సరే, పర్మిషన్లు చూద్దాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

యాప్ ఐకాన్‌ను నొక్కి పట్టుకుంటే App info వస్తుంది. దాన్ని తెరిచి Permissions లోకి వెళ్లండి. ఇచ్చినవి ఒకవైపు, ఇవ్వనివి ఒకవైపు ఉంటాయి. ఇది ఒక్క యాప్ కోసం. ఫోన్ మొత్తంలో మైక్ ఎవరెవరి దగ్గరుందో చూడాలంటే Permission manager కావాలి. కంపెనీని బట్టి సెట్టింగ్స్‌లో అది ఉండే చోటు మారుతుంది కాబట్టి, Settings పైన ఉండే వెతికే పెట్టెలో ఆ పేరు టైప్ చేయడమే తేలిక.

మన రంగుల యాప్ నాలుగు అడిగింది అనుకుందాం: ఫొటోలు, మైక్, లొకేషన్, నోటిఫికేషన్లు. ఒక్కోదానికీ వేయాల్సిన ప్రశ్న ఒకటే. పాప వాడే ఏ పనికి ఇది కావాలి?

ఫొటోలు ఎందుకంటే, వేసిన బొమ్మ సేవ్ చేయడానికి అంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆండ్రాయిడ్ 10 నుంచి యాప్ తాను తయారుచేసిన బొమ్మను గ్యాలరీలో పెట్టడానికి ఏ పర్మిషనూ అక్కర్లేదు. మిగతా ఫొటోలు చదవడానికే అది కావాలి. మీ గ్యాలరీలో పాప ఫొటోలతో పాటు గుర్తింపు కార్డుల ఫొటోలు, బ్యాంకు స్క్రీన్‌షాట్లు కూడా ఉంటాయి కదా. కాబట్టి Don't allow పెట్టి, పాప బొమ్మ ఒకటి సేవ్ చేసి గ్యాలరీలో చూడండి. వచ్చిందంటే ఆ పర్మిషన్ ఊరికే అడిగినట్టు. రాకపోతే యాప్ పాత పద్ధతిలో రాసినదై ఉంటుంది. అప్పుడు కూడా స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోవచ్చు. సొంత ఫొటోకి రంగులు వేసే సౌకర్యం ఉండి పాపకు అదే కావాలంటే, ఆండ్రాయిడ్ 14 నుంచి మీరు ఎంచుకున్న ఫొటోల వరకే ఇచ్చే వీలుంది. ఆ ఒక్క ఫొటో ఇవ్వండి.

మైక్ ఎందుకంటే, రంగు పేరు పలికితే ఆ రంగు వచ్చే ఆట ఉందట. ఆ ఆట పాప ఆడదు. Don't allow. ఇక్కడ Ask every time అనే ఇంకో ఎంపిక కనిపిస్తుంది. పెద్దవాళ్లకు అది మంచిదే, కానీ ఐదేళ్ల పిల్లకు అది అడ్డు కాదు. ఆటకు అడ్డం వచ్చిన పెట్టెను తీసేయడానికి పైన కనిపించిన బటన్ నొక్కేస్తుంది. పిల్లల చేతికి వెళ్లే ఫోన్‌లో Don't allow ఒక్కటే ఖాయం. ఆండ్రాయిడ్ 11 నుంచి ఇంకో సౌకర్యం ఉంది. ఒక పర్మిషన్‌ని రెండుసార్లు కాదంటే సిస్టమ్ ఆ పెట్టెను మళ్లీ చూపించదు. అందుకే మొదటిసారి యాప్‌ను మీరే తెరిచి, అడిగినవన్నీ మీరే రెండుసార్లు కాదని, తర్వాత పాపకు ఇవ్వండి.

లొకేషన్‌కి రంగుల యాప్‌లో పనే లేదు. ఇది అడగడమే ఒక గుర్తు. పిల్లల కోసం మాత్రమే తయారైన యాప్‌లు లొకేషన్ పర్మిషన్ అడగకూడదని ప్లే స్టోర్ నియమం ఉంది. అడిగిందంటే, తాను పిల్లల యాప్ అని స్టోర్‌కి చెప్పలేదనో, చెప్పి కూడా నియమం తప్పుతోందనో అర్థం. ఏదైనా సరే, పర్మిషన్ ఆపేసి ఊరుకునే బదులు నేనైతే ఆ యాప్ తీసేసి ఇంకోటి వెతుకుతాను.

నోటిఫికేషన్ల వల్ల డేటా ఏమీ పోదు. కానీ పాప పడుకున్నాక కూడా నీ బొమ్మ ఎదురుచూస్తోంది అంటూ మెసేజ్‌లు వస్తాయి. ఆపేయండి.

ఆపినవి నిజంగా ఆగాయా అని రెండు రోజుల తర్వాత చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి Privacy dashboard అనే పేజీ ఉంది. కెమెరా, మైక్, లొకేషన్ ఏ యాప్ ఏ టైమ్‌లో వాడిందో అందులో కనిపిస్తుంది. వాడుతున్న క్షణంలోనే స్క్రీన్ పైమూల ఆకుపచ్చ గుర్తు కూడా వెలుగుతుంది. ఆ గుర్తు కెమెరా, మైక్ వాడితే వస్తుంది. ఇంటర్నెట్‌లో ఏం పంపుతోందో మాత్రం ఈ పేజీ చూపించదు.

అస్సలు ఇవ్వకూడనివి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. అవి మామూలు Permissions పేజీలో కనిపించవు. Settings లో Special app access అని వెతకండి. వేరే యాప్‌ల మీద కనిపించడం, మీకు వచ్చే నోటిఫికేషన్లు చదవడం, ఫైళ్లన్నీ చూడడం, బయటి నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ చేయడం లాంటివి అక్కడ ఉంటాయి. Accessibility ది విడిగా ఇంకో పేజీ. అది ఉన్న యాప్ స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు బటన్లు కూడా నొక్కగలదు. నోటిఫికేషన్లు చదవగలిగితే బ్యాంకు ఓటీపీ చూడగలదు. ఈ పేజీల్లో పిల్లల ఆట పేరు ఒక్కచోట కనిపించినా వెంటనే ఆపి, యాప్ తీసేయండి. స్టోర్‌లో కాకుండా ఏదో లింకులో దొరికిన ఫైల్‌తో ఇన్‌స్టాల్ చేసిన ఆటల విషయంలో ఇది మరీ ముఖ్యం.

అడ్వర్టైజింగ్ ఐడీని ఏం చేయాలి?

తీసేయొచ్చు. Settings లో Google, అందులో Ads తెరిస్తే Delete advertising ID ఉంటుంది. కొన్ని ఫోన్లలో Google తర్వాత All services లోకి వెళ్లాలి. డిలీట్ చేశాక ఏ యాప్ అడిగినా ఆండ్రాయిడ్ అసలు నంబర్ బదులు ఇదిగో ఈ సున్నాల వరస ఇస్తుంది:

```
00000000-0000-0000-0000-000000000000
```

ప్రకటనలు ఆగవు, వస్తూనే ఉంటాయి. మీ అలవాట్లను బట్టి కాకుండా వస్తాయి, అంతే. మీ సొంత యాప్‌లేవీ పనిచేయడం మానవు. పక్కనే Reset అనేది కూడా ఉంటుంది, కానీ అది పాత నంబర్ తీసి కొత్త నంబర్ ఇస్తుంది, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కాబట్టి Delete నే ఎంచుకోండి. అయినా యాప్‌లోకి ఈమెయిల్‌తో లాగిన్ అయితే ఆ ఈమెయిలే గుర్తుపట్టడానికి సరిపోతుంది. లాగిన్ లేకుండా ఆడుకోనిస్తే అలాగే ఆడనివ్వండి.

ఎయిరోప్లేన్ మోడ్‌లో ఆడించడం మంచి ఉపాయమే, ప్రకటనల గోల కూడా ఉండదు. కాకపోతే వాడకం లెక్కపెట్టే ఎస్‌డీకేలు చాలావరకు వివరాలను దాచుకుని, నెట్ రాగానే పంపుతాయి. దాంతో ప్రకటనలు తప్పుతాయి కానీ లెక్క తప్పదు.

మాది ఐఫోన్. ఇవే వర్తిస్తాయా?

ఆలోచన ఒకటే, చోట్లు వేరు. Settings లో Privacy & Security తెరిస్తే మైక్, ఫొటోలు, లొకేషన్ అన్నీ విడివిడిగా ఉంటాయి. అక్కడే Tracking లోకి వెళ్లి Allow Apps to Request to Track ఆఫ్ చేయండి. అడ్వర్టైజింగ్ ఐడీ తీసేసినంత పని అవుతుంది. పాప మళ్లీ మార్చకుండా ఉండాలంటే Screen Time లోని Content & Privacy Restrictions లో మైక్, ఫొటోల లాంటి వాటికి మార్పులు జరగకుండా తాళం వేయొచ్చు. ఆండ్రాయిడ్‌లో పిల్లలకు వేరే ఫోన్ ఇచ్చినప్పుడు తల్లిదండ్రుల కోసం గూగుల్ ఇచ్చే Family Link యాప్‌తో దూరం నుంచే ఇలాంటి పని చేయొచ్చు.

ఐఫోన్‌లో నాకు నచ్చింది App Privacy Report. అది ఆన్ చేసి ఒక వారం ఆగితే, ఒక్కో యాప్ ఏ ఏ వెబ్ అడ్రస్‌లకు కనెక్ట్ అయిందో పేర్లతో సహా చూపిస్తుంది. రంగుల యాప్ కింద దాన్ని తయారుచేసినవాళ్ల అడ్రస్‌తో పాటు ads, track, analytics లాంటి మాటలున్న అడ్రస్‌లు వరసగా కనిపిస్తే, లోపల ఎన్ని ఎస్‌డీకేలున్నాయో అంచనా దొరుకుతుంది.

ఏడాదిగా వాడుతోంది. ఇప్పటిదాకా వెళ్లిన డేటా సంగతేంటి?

పర్మిషన్ ఆపినా, యాప్ తీసేసినా సర్వర్‌లో ఉన్నది అలాగే ఉంటుంది. డిలీట్ చేయమని అడగాలి, అదీ యాప్ తీసేయకముందే. లాగిన్ లేని యాప్‌లలో మీ రికార్డును గుర్తుపట్టే ఆధారం చాలావరకు యాప్ సెట్టింగ్స్‌లో కనిపించే User ID ఒక్కటే, యాప్‌తో పాటు అదీ పోతుంది. ముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి.

అకౌంట్ ఉంటే యాప్ లోపలే Delete account ఉందేమో చూడండి. అకౌంట్ తెరవనిచ్చే యాప్‌లు దాన్ని డిలీట్ చేసే దారి కూడా ఇవ్వాలని రెండు స్టోర్లూ నియమం పెట్టాయి. యాపిల్‌లో ఇది 2022 జూన్ 30 నుంచి ఉంది. దారి కనిపించకపోతే ప్రైవసీ పాలసీలో ఉన్న ఈమెయిల్‌కి రాయండి. యాప్ పేరు, User ID లేదా మీరు వాడిన ఈమెయిల్, ఇది చిన్న పిల్ల వాడిన అకౌంట్ అన్న మాట, ప్రొఫైల్‌తో పాటు వాడకం వివరాలు కూడా తీసేసి, తీసేశామని జవాబివ్వమన్న కోరిక, ఇవి ఉంటే చాలు. రుజువు కోసం పుట్టిన తేదీ సర్టిఫికెట్ పంపమంటే పంపకండి, డేటా తీసేయించడానికి కొత్త డేటా ఇచ్చినట్టవుతుంది. అకౌంట్‌లోని ఈమెయిల్ నుంచే రాస్తున్నామని, అదే రుజువని చెప్పండి.

ఎస్‌డీకే కంపెనీల దగ్గరికి అప్పటికే చేరిపోయిన వివరాలను ఈ ఉత్తరంతో పూర్తిగా తీసేయించడం కష్టం. వాటి విషయంలో చేయగలిగింది అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేయడమే. అప్పుడు పాత రికార్డుకి కొత్త వాడకాన్ని కలపడం కష్టమవుతుంది.

పర్మిషన్ ఇవ్వకపోతే యాప్ ముందుకే కదలడం లేదు. ఏం చేయను?

ముందు అది ఏ పర్మిషనో చూడండి. కెమెరాతో ఫొటో తీసి బొమ్మ చేసే యాప్ కెమెరా అడిగి ఆగితే అర్థముంది. అలాంటప్పుడు Allow only while using the app ఇచ్చి, ఆట అయ్యాక App info లో తీసేయండి. రంగుల యాప్ కాంటాక్ట్స్ ఇవ్వనిదే తెరుచుకోనంటే బేరం అవసరం లేదు. ఇంతకుముందు వాడిన యాప్ అయితే, User ID కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసుకోండి, డిలీట్ ఈమెయిల్ పంపండి, జవాబు వచ్చాక అన్‌ఇన్‌స్టాల్ చేయండి.